తెలుగు క్లయింట్ల కోసం లింక్డ్‌ఇన్‌లో రెండో ప్రొఫైల్ పెట్టాలా? పెడితే ఏ భాష ముందుండాలి?

కెపాసిటర్_కమల

నేను గుంటూరులో ఉండి సొంతంగా ఎనర్జీ ఆడిట్లు చేస్తున్నాను. బీఈఈ సర్టిఫికెట్ ఉంది. నాకు పని ఇచ్చేవారు రెండు రకాలు. ఒకవైపు హైదరాబాద్, విశాఖపట్నం ఫార్మా కంపెనీల్లో యుటిలిటీ విభాగం చూసే మేనేజర్లు. వీరు నన్ను లింక్డ్‌ఇన్‌లోనే వెతికి పట్టుకుంటారు, మెయిళ్లు, నివేదికలు అన్నీ ఇంగ్లీషులోనే నడుస్తాయి. మరోవైపు గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీల యజమానులు, భీమవరం వైపు ఐస్ ప్లాంట్ల వారు, మిర్యాలగూడ రైస్ మిల్లర్లు. వీరికి నా పేరు ఎవరో ఒకరు చెబుతారు, ఆ తర్వాత ఒకసారి నా ప్రొఫైల్ తెరిచి చూసి ఫోన్ చేస్తారు.

ఈ మధ్య ఒక మిల్లు యజమాని పని ఒప్పుకున్నాక నవ్వుతూ ఒక మాట అన్నారు. నా పేజీ మొత్తం ఇంగ్లీషులో ఉండటం చూసి, నేను ఏదో పెద్ద కంపెనీ మనిషిననీ, ఫీజు తమకు అందదనీ అనుకుని రెండు నెలలు ఫోన్ చేయలేదట. అప్పటి నుంచి నాకు రెండు సందేహాలు పట్టుకున్నాయి. ఇంగ్లీషు ప్రొఫైల్‌కు తోడుగా తెలుగు ప్రొఫైల్ కూడా పెట్టాలా? పెట్టేటట్లయితే, సగం పని తెలుగువారి నుంచే వస్తోంది కాబట్టి తెలుగునే ప్రధాన భాషగా చేసి ఇంగ్లీషును రెండోదిగా ఉంచడం మంచిదా?

బెంజిసర్కిల్

ఇందులో ఆలోచించడానికి ఏముందండీ, పెట్టేయండి. చూసేవారు ఏ ఊళ్లో ఉన్నారో ఆ సైటుకు తెలుస్తుంది. భీమవరంలో తెరిచిన వారికి తెలుగు, బెంగళూరులో తెరిచిన వారికి ఇంగ్లీషు అదే చూపిస్తుంది. రెండు పడవల మీద కాళ్లు పెట్టినా మునగని చోటు ఇదొక్కటే.

రెజ్యూమె_రాంబాబు

నేను పన్నెండేళ్లుగా రెజ్యూమెలు రాసి ఇస్తున్నాను. తెలుగులో రెజ్యూమె అడిగిన హెచ్ఆర్ నాకు ఇంతవరకూ తగల్లేదు. ఉద్యోగం మారాలనుకుంటే ఇంగ్లీషులో ఒకే పేజీకి కుదించండి, ఫొటో తీసేయండి.

కెపాసిటర్_కమల

రాంబాబు గారూ, నేను ఉద్యోగం వెతకడం లేదండీ, నాకు కావలసింది క్లయింట్లు. ఫొటో ఉంటే మిల్లులో గేటు దగ్గర వాచ్‌మన్ వెంటనే లోపలికి పంపిస్తాడు, కాబట్టి దాన్ని ఉంచుకుంటాను.

డ్రాయింగ్‌బోర్డు

బెంజిసర్కిల్ గారు చెప్పినదానిలో సగం నిజం. లింక్డ్‌ఇన్ రెండు భాషల ప్రొఫైళ్లలో చూసేవారికి తగినదాన్ని ఎంచి చూపిస్తుందన్నది సరే. అయితే ఆ ఎంపికకు ఊరితో గానీ, మాతృభాషతో గానీ సంబంధం లేదు. చూసే వ్యక్తి తన ఖాతాలో బటన్లూ మెనూలూ ఏ భాషలో పెట్టుకున్నారో ఆ భాష ప్రొఫైల్ ఉంటే అది కనిపిస్తుంది, లేకపోతే ప్రధాన భాషదే కనిపిస్తుంది. కమల గారి ప్రశ్నకు జవాబంతా ఈ ఒక్క నియమం మీదే ఆధారపడి ఉంది.

నా సంగతి చెబుతాను. నేను హైదరాబాద్ నుంచి జర్మనీలోని యంత్రాల తయారీదారులకు డ్రాయింగులు, వాడకపు పుస్తకాలు తయారు చేస్తాను. నాకు ఇంగ్లీషు ప్రధానం, జర్మన్ రెండోది. అది నాకు బాగా పనికొచ్చింది, ఎందుకంటే అక్కడి చిన్న ఊళ్ల కంపెనీల్లో ఇంజినీర్లు ఫోను నుంచి కాఫీ యంత్రం దాకా అన్నీ జర్మన్‌లోనే పెట్టుకుంటారు. వారు నా పేజీ తెరవగానే, వారు ఏ బటనూ నొక్కకుండానే, జర్మన్ రూపం వస్తుంది.

ఇప్పుడు మన మిల్లు యజమానిని తీసుకోండి. ఆయన రోజంతా తెలుగే మాట్లాడతారు, వాట్సాప్‌లో తెలుగు చదువుతారు. కానీ ఆయన ఫోనులో మెనూలు ఏ భాషలో ఉంటాయి? లింక్డ్‌ఇన్ మెనూల భాషల జాబితాలోకి హిందీ 2021 డిసెంబరులో వచ్చింది, ఆ తర్వాత తెలుగు కూడా చేరింది. జాబితాలో ఉండటం వేరు, మనవాళ్లు దాన్ని ఎంచుకోవడం వేరు. ఆయన ఫోను ఇంగ్లీషులో ఉంటే, మీరు ఎంత శ్రద్ధగా తెలుగు ప్రొఫైల్ రాసినా ఆయనకు మళ్లీ ఆ ఇంగ్లీషు పేజీయే కనిపిస్తుంది. కాబట్టి ముందు మీ క్లయింట్లలో ఒక పదిమందిని ఫోను ఏ భాషలో ఉందో అడగండి. వారి భాష ఏమిటని అడగకండి, సెట్టింగుల్లో ఏముందని అడగండి.

మిర్చియార్డ్

నేను కమల గారి లాంటి వారిని పిలిచే వైపు మనిషిని. మాకు కోల్డ్ స్టోరేజీ ఉంది. నా ఫోను ఇంగ్లీషులోనే ఉంటుంది. ఒకసారి మా అబ్బాయి సరదాకు తెలుగులోకి మార్చాడు, అలారం ఎక్కడుందో వెతుక్కోవడానికి పది నిమిషాలు పట్టింది. అలవాటైన మెనూ ఇంగ్లీషు, మాట్లాడే మాట తెలుగు. మాలో ఎక్కువమంది ఇంతే.

పారిస్_టు_పెందుర్తి

ఏది ముందు అనే రెండో ప్రశ్న తేలిగ్గా తీసుకోవద్దని నా అనుభవంతో చెబుతున్నాను. నేను ఫ్రాన్స్‌లో చదువుకుంటున్నప్పుడు ఖాతా తెరిచాను. లాప్‌టాప్ ఫ్రెంచిలో ఉంది కాబట్టి నా ప్రధాన భాష ఫ్రెంచి అయిపోయింది. విశాఖకు తిరిగి వచ్చాక ఇంగ్లీషును ప్రధానం చేద్దామని చూస్తే, ప్రధాన భాషను ఒకసారి స్థిరపడ్డాక మార్చే వీలు లేదని తెలిసింది. రెండో భాషగా ఇంగ్లీషును చేర్చుకోవచ్చు, తీసేయవచ్చు; ప్రధానం మాత్రం పెళ్లి లాంటిది.

చివరికి ఇంగ్లీషును రెండోదిగా పెట్టాను. మెనూలు ఇంగ్లీషులో ఉన్నవారికి ఇంగ్లీషు కనిపిస్తోంది, అంతవరకూ బాగానే ఉంది. చిక్కు మూడో భాష వారి దగ్గర వచ్చింది. పోర్చుగీసులో మెనూలు పెట్టుకున్న ఒక బ్రెజిల్ మేనేజర్ నా పేజీ తెరిస్తే, నాకు పోర్చుగీసు రూపం లేదు కాబట్టి ప్రధానమైన ఫ్రెంచి కనిపించింది. ఇంగ్లీషు కనిపించి ఉంటే ఆయన చదువుకునేవారు. నాకు ఫ్రాన్స్‌లోనే పని కావాలేమో అనుకున్నానని తర్వాత ఒక సమావేశంలో చెప్పారు.

కెపాసిటర్_కమల

అంటే నేను తెలుగును ప్రధానం చేస్తే, మెనూలు జపనీస్‌లో పెట్టుకున్న ఫార్మా మేనేజర్‌కు తెలుగు అక్షరాలు ఎదురవుతాయన్నమాట.

పారిస్_టు_పెందుర్తి

అంతే. అయితే మీ ఖాతా ఇంగ్లీషులో తెరిచి ఉంటే మీకు ఆ ప్రమాదమూ లేదు, ఆ అవకాశమూ లేదు. ప్రధానం మార్చలేరు కాబట్టి రెండో ప్రశ్న మీ చేతిలో లేనట్టే. ఫ్రెంచి గడుల్లోనే ఇంగ్లీషు వాక్యాలు నింపి, రెండో రూపాన్ని తీసేస్తే అందరికీ ఇంగ్లీషే కనిపిస్తుందని ఒక మిత్రుడు చెప్పాడు. అది నిజమే, పనిచేస్తుంది. కానీ అప్పుడు ఫ్రెంచి వారికి చూపించడానికి నా దగ్గర ఫ్రెంచి ఉండదు. నా పాత క్లయింట్లు ఇద్దరు అక్కడే ఉన్నారు కాబట్టి ఆ పని చేయలేదు.

బెంజిసర్కిల్

డ్రాయింగ్‌బోర్డు గారి మాట నమ్మకుండా నేనే పరీక్షించాను. విజయవాడలోనే కూర్చుని, నా ఖాతా ఇంగ్లీషులో ఉండగా, రెండు భాషల్లో ప్రొఫైల్ ఉన్న మా బావమరిది పేజీ తెరిచాను. ఇంగ్లీషు వచ్చింది. సెట్టింగులు హిందీకి మార్చి తెరిచాను, హిందీ వచ్చింది. ఊరు మారలేదు, కుర్చీ కూడా మారలేదు. నా మొదటి సలహాను వెనక్కి తీసుకుంటున్నాను. ఇప్పుడు నా ఫోను హిందీలో ఇరుక్కుంది, అది వేరే కథ.

ఇంకో మాట. భాషను బట్టి చూపించకపోయినా, తెలుగు రూపానికి నేరుగా లింకు పంపవచ్చు కదా?

డ్రాయింగ్‌బోర్డు

పంపవచ్చు. నేను జర్మన్ రూపాన్ని పంపేటప్పుడు చిరునామా చివర ఇలా చేరుస్తాను:

```
?locale=de_DE
```

అయితే ఈ తోక మీద పూర్తిగా ఆధారపడకండి. ఈ చిరునామాల పద్ధతి మారుతూ వస్తోంది, పైగా లాగిన్ అయిన వారికీ కాని వారికీ కనిపించేది ఒకేలా ఉండదు. పంపే ముందు వేరే వారి ఫోనులో ఒకసారి తెరిచి చూసుకోవడం తప్పనిసరి. అదీగాక, కమల గారికి పని వచ్చే దారి ఇది కాదు. ఆమె పేరు విన్నవారు తామే వెతుక్కుని పేజీ తెరుస్తున్నారు. ఆమె లింకు పంపే అవకాశం అక్కడ లేదు.

రెండో రూపం పెట్టేవారికి ఇంకొక హెచ్చరిక, ఇది నా సొంత పొరపాటు. ఒక సంవత్సరం నేను వాడకపు పుస్తకాల ముద్రణ పని మానేశాను. ఇంగ్లీషు పరిచయంలో ఆ వాక్యం తీసేశాను, జర్మన్‌లో తీయడం మరిచిపోయాను. నా మెనూలు ఇంగ్లీషులో ఉంటాయి కాబట్టి జర్మన్ రూపం నా కంటికే పడదు. ఏడాదిన్నర తర్వాత ఒకరు ముద్రణకు ధర అడుగుతూ జర్మన్‌లో పెద్ద ఉత్తరం రాశారు. ఒక రూపంలో రాసిన పరిచయం మార్చితే రెండోదానిలో అది దానంతట అది మారదు. అప్పటి నుంచి ఇంగ్లీషులో ఏ మార్పు చేసినా, అదే రోజు మెనూలను జర్మన్‌కు మార్చి నా పేజీ నేనే చదువుతాను.

ఒక భాషలో ప్రొఫైల్ పెట్టడమంటే ఆ భాషలో మాట్లాడతామని మాట ఇచ్చినట్టే. నా జర్మన్ ఉత్తరాలు రాయడానికి సరిపోతుంది, ఫోనులో తడబడతాను. అందుకే జర్మన్ పరిచయం చివర, సమావేశాలు ఇంగ్లీషులో జరుపుతానని ఒక వాక్యం రాసుకున్నాను. తెలుగు విషయంలో కమల గారికి ఈ ఇబ్బంది ఉండదు.

రెజ్యూమె_రాంబాబు

ప్రశ్న ఇప్పుడు అర్థమైంది, క్షమించండి. బ్రౌజరులో పేజీని తెలుగులోకి అనువదించే సౌకర్యం ఉంది కదా, మరి రెండో ప్రొఫైల్ ఎందుకు?

మిర్చియార్డ్

రాంబాబు గారూ, మేము చూసేది యాప్‌లో. బ్రౌజరులో తెరిచి, అనువాదం నొక్కి, అప్పుడు చదివే ఓపిక ఉన్నవాడు ఇంగ్లీషే చదువుకుంటాడు.

కెపాసిటర్_కమల

డ్రాయింగ్‌బోర్డు గారు చెప్పినట్టే వారం రోజులు అడిగి చూశాను. పదకొండు మంది యజమానులతో మాట్లాడాను. పదిమంది ఫోన్లలో మెనూలు ఇంగ్లీషులోనే ఉన్నాయి. తెలుగులో పెట్టుకున్నది ఒక్కరే, వారు భీమవరం దగ్గర ఐస్ ప్లాంటు నడిపే పెద్దాయన, వారికి లింక్డ్‌ఇన్ ఖాతాయే లేదు. అంటే నేను తెలుగు రూపం తయారు చేస్తే దాన్ని చూసే క్లయింటు నా లెక్కలో సున్నా.

మొదట నిరాశ కలిగింది, కానీ ఇంకొకటి గమనించాను. ఆ పదిమందిలో ఆరుగురు నా పేజీలో చదివింది పైన కనిపించే ఒక వరుస, పరిచయంలో మొదటి రెండు మూడు వరుసలు మాత్రమే. మిగతాది తెరవలేదు. అంటే రెండో ప్రొఫైల్ కన్నా, ఉన్న ఇంగ్లీషు ప్రొఫైల్‌లోనే ఆ మొదటి వరుసల్లో తెలుగు ఉంటే అందరికీ కనిపిస్తుంది. ఇప్పుడు నా ప్రశ్న మారింది. ఒకే పేజీలో రెండు భాషలు పెడితే ఏది పైన ఉండాలి?

అక్షరలెక్క

నేను అనువాదాలు చేస్తాను కాబట్టి ఏది పైన అనే చర్చకు ముందు, ఏ తెలుగు అనేది చెప్పాలి. కమల గారు ఎనర్జీ ఆడిట్‌ను ఎలా రాస్తారు? "శక్తి తనిఖీ" అని రాస్తే యజమాని పేజీ మూసేస్తారు. మిల్లుల్లో తనిఖీ అంటే డిపార్టుమెంటు వారు జీపు దిగడం. ఆడిట్ అన్నా ఆదాయపు పన్ను గుర్తుకు వస్తుంది. మీ పని ఫలితాన్ని వారు ఏ మాటతో చెప్పుకుంటారో ఆ మాటతోనే మొదలుపెట్టండి. "కరెంటు బిల్లు" అన్నదానికి మించిన తెలుగు మాట ఇక్కడ లేదు.

రెండో సంగతి స్థలం. లింక్డ్‌ఇన్‌లో పేరు కింద వరుసకు 220 అక్షరాలు, పరిచయానికి 2600 అక్షరాలు ఇస్తారు. తెలుగుకు ఇది వినిపించినంత ఎక్కువ కాదు. మన గుణింతాలు, ఒత్తులు కంప్యూటరు లెక్కలో విడివిడి అక్షరాలు. "కాంట్రాక్టు" అన్న మాటను మనం మూడు అక్షరాలుగా పలుకుతాం, లెక్కకు అది 11. కాబట్టి పై వరుసలో ఇంగ్లీషూ తెలుగూ రెండూ పూర్తిగా పెట్టాలని చూస్తే ఇరుకవుతుంది. పైవరుస ఇంగ్లీషులో ఉంచి, చివర నాలుగు తెలుగు మాటలు చేరిస్తే చాలు.

కెపాసిటర్_కమల

పరిచయానికి ఇలా రాసి చూశాను, చూసి చెప్పండి:

"మీ మిల్లుకు 200 కేవీఏ సీఎండీ ఉండి, నెలలో వాడేది 120 మాత్రమే అయినా, డిమాండు ఛార్జీ మీరు 160కి కడుతున్నారు. ఇలాంటివి మీ కరెంటు బిల్లులో ఎక్కడెక్కడ ఉన్నాయో మిల్లుకు వచ్చి చూసి, తెలుగులో రాసి ఇస్తాను."

హెచ్‌టీ బిల్లులో డిమాండు ఛార్జీని, ఆ నెల నమోదైన గరిష్ఠ డిమాండు, సీఎండీలో అంటే విద్యుత్ సంస్థతో ఒప్పందం చేసుకున్న గరిష్ఠ డిమాండులో 80 శాతం, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దాని మీద వేస్తారు. 200లో 80 శాతం 160 కాబట్టి ఆ ఉదాహరణ తీసుకున్నాను. బిల్లు చేతిలో ఉన్న ఏ యజమానైనా వెంటనే సరిచూసుకోగలరు.

మిర్చియార్డ్

మిల్లు వారికి ఇది సరిపోతుంది కానీ, మా కోల్డ్ స్టోరేజీ వారు చదివితే, ఈవిడకు మా సంగతి తెలియదనుకుంటారు. మాకు ఫిబ్రవరి నుంచి మే వరకు సరుకు దిగుతుంది. వేడి బస్తాలు లోపలికి వస్తున్నంతకాలం కంప్రెసర్లన్నీ నడుస్తాయి, అప్పుడు ఆ 200 కావాలి. వానాకాలానికి లోడు తగ్గుతుంది, అప్పుడు 80 శాతం కడతాం, తెలిసే కడతాం. సీఎండీ తగ్గించమని ఎవరైనా చెబితే, వచ్చే మార్చిలో జరిమానా మీరు కడతారా అని అడుగుతాం.

కెపాసిటర్_కమల

మంచిమాట చెప్పారండీ. నేను మిల్లును దృష్టిలో పెట్టుకునే రాశాను, అందరూ చదువుతారన్నది మరిచాను. కోల్డ్ స్టోరేజీలకు నేను చూసేది కండెన్సర్లు, తలుపుల దగ్గర చలి పోవడం, ఇన్సులేషన్. సీఎండీ చివర్లో వస్తుంది. "రైస్ మిల్లుకు" అని స్పష్టంగా రాసి, కోల్డ్ స్టోరేజీకి వేరే వాక్యం పెడతాను.

ఆడిటర్_ఏలూరు

నేను చార్టర్డ్ అకౌంటెంటును. ఈ చర్చ చదివి మా వాళ్లెవరైనా ఇలాంటి వాక్యాలు తమ పేజీల్లో పెట్టుకునే ప్రమాదం ఉంది కాబట్టి రాస్తున్నాను. ప్రకటనల ద్వారా క్లయింట్లను పిలవడం 1949 చట్టం మొదటి షెడ్యూలు ప్రకారం మాకు వృత్తిపరమైన తప్పు. "మీరు ఎక్కువ కడుతున్నారు, నేను తగ్గిస్తాను" అన్న వాక్యం ఎనర్జీ ఆడిటరు రాసుకోవచ్చేమో గానీ, నేను రాస్తే సంజాయిషీ ఇవ్వాలి. తెలుగులో రాస్తే ఎవరూ చూడరని అనుకోవడం కూడా పొరపాటే. ఫిర్యాదు చేసేవారికి తెలుగు బాగానే వస్తుంది.

డ్రాయింగ్‌బోర్డు

ఏది పైన అన్నదానికి నా అభిప్రాయం ఇంగ్లీషు. కమల గారికి ఫార్మా పని పూర్తిగా ఈ పేజీ మీదే ఆధారపడి వస్తోంది. యుటిలిటీ మేనేజరు ఒకసారి ఇరవై ప్రొఫైళ్లు తిరగేస్తాడు. తెరవగానే చదవలేని లిపి కనిపిస్తే, ఆయన తెలుగువాడు కాకపోతే, కిందికి దిగకుండా వెనక్కి వెళ్తాడు. మిల్లు యజమాని అలా కాదు. ఆయనకు అప్పటికే ఎవరో చెప్పారు, ఆయన వచ్చింది నమ్మకం ఖాయం చేసుకోవడానికి. ఒక వరుస ఇంగ్లీషు దాటి రెండో వరుస తెలుగు చూసే ఓపిక ఆయనకు ఉంటుంది. కాబట్టి మొదట ఒకే ఒక చిన్న ఇంగ్లీషు వాక్యం, వెంటనే తెలుగు రెండు వాక్యాలు, ఆ తర్వాత మిగతా ఇంగ్లీషు.

మిర్చియార్డ్

నేను ఒప్పుకోను. ఆ మొదటి ఇంగ్లీషు వాక్యం చూసే కదా ఆ మిల్లాయన రెండు నెలలు ఆగాడు. తెలుగు పైన ఉంటే, ఫార్మా మేనేజరుకు పోయేదేమిటి? పేరు కింద వరుస ఇంగ్లీషులోనే ఉంది, ఫొటో ఉంది, సర్టిఫికెట్ ఉంది. హైదరాబాద్ కంపెనీలో మేనేజరు తెలుగు అక్షరాలు చూసి భయపడి పారిపోతాడా?

పారిస్_టు_పెందుర్తి

పారిపోడు, కానీ ఫలానా జిల్లాలోనే పనిచేసే మనిషని అనుకోవచ్చు. నా ఫ్రెంచి పేజీ చూసి బ్రెజిల్ ఆయన అనుకున్నది అదే. భాష చదవలేకపోవడం కన్నా, ఇది నాకోసం కాదు అనిపించడమే ఎక్కువ నష్టం. ఆ మిల్లాయనకు జరిగిందీ అదే, వైపు మాత్రం వేరు.

అక్షరలెక్క

నాది మూడో దారి. పరిచయంలో తెలుగు రెండు వాక్యాలకు మించకండి. మిగతా తెలుగు అంతా ఒక రెండు పేజీల పీడీఎఫ్‌గా చేసి, ప్రొఫైల్‌లో ఫీచర్డ్ అనే చోట పెట్టండి. అక్కడ పత్రాలు పెట్టవచ్చు, మొదటి పేజీ బొమ్మలా కనిపిస్తుంది. ఆ మొదటి పేజీ మీద పెద్ద తెలుగు అక్షరాలతో "రైస్ మిల్లు కరెంటు బిల్లు ఎలా చదవాలి" అని ఉంటే, చూసేవారి మెనూ ఏ భాషలో ఉన్నా అది తెలుగులోనే కనిపిస్తుంది. అదే పీడీఎఫ్‌ను యజమానులు వాట్సాప్‌లో ఒకరికొకరు పంపుకుంటారు, ప్రొఫైల్‌ను అలా ఎవరూ పంపుకోరు. పత్రం తయారు చేసేటప్పుడు తెలుగు ఫాంటు అందులో ఇమిడి ఉందో లేదో చూసుకోండి, లేకపోతే వేరే ఫోనులో ఒత్తులు విడిపోయి కనిపిస్తాయి.

బెంజిసర్కిల్

మా బావమరిది హిందీ ప్రొఫైల్ ఎందుకు పెట్టాడని ఇప్పుడు అడిగాను. ఆయన ఇండోర్, నాగపూర్ వైపు పంపుసెట్లు అమ్ముతాడు. అక్కడి డీలర్లలో కొందరు ఫోన్లు హిందీలో పెట్టుకున్నారట. అంటే ఆయనకు రెండో రూపం పనికొచ్చింది, కమల గారికి పనికిరాదు. ఒకే నియమం, వేరువేరు ఫోన్లు.

కెపాసిటర్_కమల

నా నిర్ణయం ఇది. తెలుగు రెండో ప్రొఫైల్ ప్రస్తుతానికి పెట్టడం లేదు. ప్రధానం ఇంగ్లీషే, మార్చే వీలూ లేదని తేలింది. పీడీఎఫ్ మొదటి పేజీ ఈ ఆదివారం తయారు చేస్తాను. పరిచయంలో ఏది పైన అన్నది మాత్రం నాకు తేలలేదు. ఒక రెండు నెలలు డ్రాయింగ్‌బోర్డు గారి పద్ధతి, తర్వాత రెండు నెలలు మిర్చియార్డ్ గారి పద్ధతి ఉంచి, ఫోన్ చేసిన ప్రతి ఒక్కరినీ పేజీలో ఏం చదివారో అడుగుతాను. సీజను మధ్యలో పడుతుంది కాబట్టి లెక్క ఖచ్చితంగా ఉండదని తెలుసు.

చివరి సందేహం ఒకటి. పేరు గడిలో ఇంగ్లీషు పేరు పక్కన తెలుగులో కూడా రాయవచ్చా?

డ్రాయింగ్‌బోర్డు

నేనైతే వద్దంటాను. పేరు గడిలో పేరు కాకుండా ఏం చేర్చినా వెతికేవారికి ఇబ్బంది. కంపెనీ వారు మీ విజిటింగ్ కార్డు చూసి ఇంగ్లీషు అక్షరాలతోనే టైపు చేస్తారు.

మిర్చియార్డ్

మేమూ ఇంగ్లీషు అక్షరాలతోనే టైపు చేస్తాం, కాకపోతే ఇంటిపేరు ముందు కొడతాం. ఆ సైటులో ఇంటిపేరు చివర ఉంటుంది. మా ఫోన్లో మీ నంబరు మాత్రం "కరెంటు కమల గారు" అని ఉంది, అలా వెతికితే మీరు దొరకరు.

కెపాసిటర్_కమల

ఆ పేరు పీడీఎఫ్ మీద వేస్తాను.